సెమీలాగ్ గ్రాఫ్‌లో కింది కటాఫ్, పై కటాఫ్ ఎక్కడ తప్పుతున్నాయి?

ప్రశ్న: సార్, బీసీ547తో సింగిల్ స్టేజ్ కామన్ ఎమిటర్ ఆంప్లిఫయర్ బ్రెడ్‌బోర్డ్ మీద కట్టాను. సప్లై 12 వోల్టులు, బేస్ బయాస్ 47కె, 10కె, కలెక్టర్ 3.3కె, ఎమిటర్ 1కె, లోడ్ 10కె, సోర్స్ రెసిస్టెన్స్ 600 ఓమ్‌లు. కప్లింగ్ కెపాసిటర్లు రెండూ 10 మైక్రోఫారడ్, ఎమిటర్ బైపాస్ 100 మైక్రోఫారడ్. లెక్క వేస్తే కింది కటాఫ్ 5 హెర్ట్జ్ వచ్చింది, సెమీలాగ్ గ్రాఫ్‌లో 100 హెర్ట్జ్ కనిపిస్తోంది. పై కటాఫ్ ఒకరోజు 260 కిలోహెర్ట్జ్, ఇంకోరోజు 400. ఏది నమ్మాలి?

జవాబు:

కింది కటాఫ్ 80 హెర్ట్జ్ దగ్గర ఉండాలి. మీ లెక్కలో ఒక కెపాసిటర్ తప్పిపోయింది, గ్రాఫ్‌లో పాయింట్లు చాల్లేదు. పై కటాఫ్ విషయంలో మీకు వచ్చిన రెండు అంకెలూ నిజమే, కాకపోతే వాటిలో ఆంప్లిఫయర్‌తో పాటు ప్రోబూ బ్రెడ్‌బోర్డూ కూడా ఉన్నాయి.

ముందు కింది వైపు చూద్దాం. కెపాసిటర్ ఏ ఫ్రీక్వెన్సీ దగ్గర అడ్డం పడుతుందన్నది దాని విలువ ఒక్కదాన్ని బట్టి తేలదు. దాని రెండు కాళ్ల మధ్య నుంచి చూస్తే ఎంత రెసిస్టెన్స్ కనిపిస్తుందో అది కావాలి. మీ బయాస్‌కి బేస్ దగ్గర 2 వోల్టులు, ఎమిటర్ దగ్గర 1.4 వోల్టులు ఉంటాయి, అంటే ఎమిటర్ కరెంట్ 1.4 మిల్లీఆంపియర్లు. ట్రాన్సిస్టర్ లోపలి ఎమిటర్ రెసిస్టెన్స్ 26ని 1.4తో భాగిస్తే వస్తుంది, దాదాపు 18.6 ఓమ్‌లు. బీటా 200 అనుకుంటే బేస్ వైపు నుంచి అది 3.7కె లాగా కనిపిస్తుంది. బయాస్ రెసిస్టర్లు రెండూ కలిసి 8.25కె. వీటిని ప్యారలల్‌గా తీసుకుంటే ఇన్‌పుట్ రెసిస్టెన్స్ 2.56కె. దీనికి సోర్స్ 600 కలిపితే ఇన్‌పుట్ కెపాసిటర్‌కి కనిపించేది 3.16కె. మీకు వచ్చిన 5 హెర్ట్జ్ ఇదే. అంతవరకు లెక్క సరిగ్గానే ఉంది.

వదిలేసింది బైపాస్ కెపాసిటర్‌ని. దానికి ఎదురుగా ఉన్నది 1కె అనుకుని, 1.6 హెర్ట్జ్ అని తేల్చేసి పక్కన పెట్టేవాళ్లు చాలామంది. కానీ ఎమిటర్ కాలు దగ్గర నిలబడి ట్రాన్సిస్టర్ లోపలికి చూస్తే కనిపించేది 18.6 ఓమ్‌లు, దానికి తోడు బేస్ వైపున్న 560 ఓమ్‌లను 201తో భాగించగా వచ్చే 2.8 ఓమ్‌లు. ఆ 21.4 ఓమ్‌లు 1కెతో ప్యారలల్‌గా ఉన్నాయి కాబట్టి మొత్తం 21. అంటే 100 మైక్రోఫారడ్ కూడా ఇక్కడ చిన్న కెపాసిటరే.

```
Cin : f = 1/(2π × 3160 Ω × 10 µF)  ≈ 5 Hz
Cout: f = 1/(2π × 13300 Ω × 10 µF) ≈ 1.2 Hz
CE  : f = 1/(2π × 21 Ω × 100 µF)   ≈ 76 Hz
```

ఒక్కోదాన్ని లెక్కించేటప్పుడు మిగతా రెండింటినీ షార్ట్ అనుకున్నాం. ఈ మూడింటినీ కూడితే 82 వస్తుంది. ఒకటి మిగతావాటికన్నా బాగా పెద్దదిగా ఉన్నప్పుడు ఈ కూడిక అసలు కటాఫ్‌కి చాలా దగ్గరగా ఉంటుంది, ఇక్కడ నిజంగా వచ్చేది 80. ఎలక్ట్రోలిటిక్ కెపాసిటర్ల విలువ రాసినదానికి 20 శాతం అటూఇటూ ఉండటం మామూలే, కాబట్టి మీ బోర్డు మీద 70 వచ్చినా 95 వచ్చినా ఆశ్చర్యపోవద్దు. 5 హెర్ట్జ్ మాత్రం రాదు.

ఇప్పుడు గ్రాఫ్‌లో 100 ఎందుకు వచ్చిందో చూద్దాం. మీ రీడింగులు 10, 40, 160 అంటూ దూరదూరంగా ఉండి, మధ్యలో స్కేలు పెట్టి కలిపి ఉంటారని నా అంచనా. మీ సర్క్యూట్‌కి మిడ్‌బ్యాండ్‌లో బేస్ నుంచి కలెక్టర్‌కి గెయిన్ 133. సోర్స్ నుంచి చూస్తే ఇన్‌పుట్ దగ్గర కొంత పోతుంది కాబట్టి 108, అంటే 40.6 డీబీ. కటాఫ్ గీత 37.6 దగ్గర గీయాలి. లెక్క ప్రకారం 40 హెర్ట్జ్ దగ్గర 33.6 డీబీ, 160 దగ్గర 39.6 డీబీ రావాలి. ఈ రెండు పాయింట్లనూ సరళరేఖతో కలిపితే అది 37.6 గీతను సరిగ్గా 100 హెర్ట్జ్ దగ్గర కోస్తుంది. అసలు వక్రరేఖ మాత్రం ఆ స్కేలు గీతకు పైన ఉబ్బి ఉంటుంది, అందుకే 80 దగ్గరే 37.6ని దాటేస్తుంది. కటాఫ్ చుట్టుపక్కల వక్రత ఎక్కువ, అక్కడ స్కేలు పనికిరాదు. ముందు దూరదూరంగా రీడింగులు తీసి కటాఫ్ ఎక్కడ ఉందో పసిగట్టండి. ఆ తర్వాత వెనక్కి వచ్చి 55, 65, 75, 85, 100, 120 దగ్గర మళ్లీ తీసి, ఆ పాయింట్ల గుండా చేతితో నున్నగా గీయండి.

ఈ చోటే ఇంకో పొరపాటు కూడా జరుగుతుంది. పేపర్ మీద 40కీ 160కీ సరిగ్గా నడిమధ్య ఉన్న చోటు 100 కాదు, 80. లాగ్ స్కేలు మీద సమానదూరం అంటే సమాన నిష్పత్తి: 40కి రెట్టింపు 80, దానికి రెట్టింపు 160. అలాగే 100కీ 1000కీ మధ్యబిందువు 550 కాదు, 316. ఒక సైకిల్ 50 మిల్లీమీటర్లు ఉందనుకుంటే, 2 అన్న గీత 15 మిల్లీమీటర్ల దగ్గర, 3 అన్నది 24 దగ్గర, 5 అన్నది 35 దగ్గర ఉంటాయి. గీతల మధ్య పడిన పాయింటును కంటి అంచనాతో మామూలు స్కేలులా చదివితే అంకె పెరిగిపోతుంది. పైన చెప్పిన రెండు రీడింగులనే తీసుకుని, మామూలు అనుపాతం వేసి లెక్కిస్తే 119 హెర్ట్జ్ వస్తుంది. ఉన్నది 80, పేపర్ మీద స్కేలుతో 100, క్యాలిక్యులేటర్ అనుపాతంతో 119. రీడింగులు అవే అయినా జవాబు మూడు రకాలు.

అక్షాల సంగతి కూడా తేల్చుకుందాం. సెమీలాగ్ పేపర్‌లో ఫ్రీక్వెన్సీ లాగ్ గీతల మీద, డీబీలు మామూలు గీతల మీద ఉండాలి. డీబీ అప్పటికే లాగ్ తీసిన సంఖ్య, దాన్ని మళ్లీ లాగ్ అక్షం మీద పెట్టకూడదు. రెండు అక్షాలూ లాగ్ ఉన్న పేపరే చేతిలో ఉంటే డీబీ కాకుండా ఉట్టి గెయిన్ విలువ పెట్టండి, అప్పుడు కటాఫ్ గీత 108ని 0.707తో గుణించగా వచ్చే 76 దగ్గర గీయాలి. ఏ పద్ధతిలో గీసినా ఆకారం ఒకటే వస్తుంది. మీకు 10 హెర్ట్జ్ నుంచి 1 మెగాహెర్ట్జ్ దాకా 5 సైకిళ్ల పేపర్ చాలదు, పై కటాఫ్ తర్వాత వాలు కనిపించాలంటే ఆరో సైకిల్ కావాలి. లాగ్ అక్షం మీద సున్నా ఉండదు, ఎడమ అంచు మీద 10 అని రాసి మొదలుపెట్టండి.

మిడ్‌బ్యాండ్ గీతను ఎక్కడ గీయాలన్నది కటాఫ్‌కి ప్రాణం. చాలామంది 1 కిలోహెర్ట్జ్ దగ్గర వచ్చినదే మిడ్‌బ్యాండ్ గెయిన్ అనుకుని అక్కడి నుంచి 3 డీబీ దించుతారు. మీ సర్క్యూట్‌కి అది సరిపోతుంది, 1 కిలోహెర్ట్జ్ దగ్గర తగ్గుదల 0.03 డీబీయే. కానీ ఎవరైనా బైపాస్ కెపాసిటర్ 10 మైక్రోఫారడ్ పెడితే కింది కటాఫ్ 765 హెర్ట్జ్‌కి ఎగబాకుతుంది. అప్పుడు 1 కిలోహెర్ట్జ్ దగ్గర గెయిన్ అప్పటికే 2 డీబీ పడిపోయి ఉంటుంది. అక్కడి నుంచి 3 దించితే అసలు మిడ్‌బ్యాండ్ కన్నా 5 డీబీ కింద చూస్తున్నట్టు. కటాఫ్ 520 అని చదువుతారు, ఉన్నది 765. అందుకని ముందుగా 1, 5, 10, 30 కిలోహెర్ట్జ్ దగ్గర చూడండి. వాటిలో కనీసం మూడు ఒకదానికొకటి 0.2 డీబీ లోపల ఉంటేనే అది మిడ్‌బ్యాండ్. మీ సర్క్యూట్‌లో మధ్యభాగం 7 కిలోహెర్ట్జ్ చుట్టూ ఉంటుంది, అది రెండు కటాఫ్‌ల గుణకారానికి వర్గమూలం.

రీడింగ్ తీసే పద్ధతి మీద కూడా చాలా ఆధారపడి ఉంది. బేస్ దగ్గర శిఖరం నుంచి శిఖరానికి 10 మిల్లీవోల్టులు దాటితే అవుట్‌పుట్ సైన్‌వేవ్ ఒకవైపు బొద్దుగా, ఇంకోవైపు మొనదేలి కనిపించడం మొదలవుతుంది. అంత చిన్న సిగ్నల్‌ని జనరేటర్ శుభ్రంగా ఇవ్వదు, స్కోప్‌లో అది నాయిస్‌లో కలిసిపోతుంది. అందుకని జనరేటర్ అవుట్‌పుట్‌కి 10కె, 100 ఓమ్‌లతో డివైడర్ కట్టి, 100 ఓమ్‌ల పైకొస నుంచి 510 ఓమ్‌ల రెసిస్టర్ ద్వారా ఇన్‌పుట్ కెపాసిటర్‌కి ఇవ్వండి. సోర్స్ రెసిస్టెన్స్ మీకు కావలసిన 600 చుట్టూనే ఉంటుంది. జనరేటర్ వైపు 1.01 వోల్టులు ఉంటే సర్క్యూట్‌కి సోర్స్‌గా అందేది 10 మిల్లీవోల్టులు. మొదటి చానెల్‌ని జనరేటర్ అవుట్‌పుట్ మీదే పెట్టండి, అక్కడ 1 వోల్టు స్పష్టంగా చదవొచ్చు. మిడ్‌బ్యాండ్‌లో అవుట్‌పుట్ 1.08 వోల్టులు రావాలి. ప్రతి ఫ్రీక్వెన్సీ దగ్గరా మొదటి చానెల్ చూసి, జారి ఉంటే 1.01కి తెచ్చుకున్నాకే రెండోది చదవండి. ఈ జారుడును పట్టించుకోకపోతే జనరేటర్ లోపం కూడా ఆంప్లిఫయర్ ఖాతాలో పడుతుంది.

గెయిన్‌ని బేస్ దగ్గరి వోల్టేజ్‌తో భాగించవద్దు. అలా చేస్తే ఇన్‌పుట్ కెపాసిటర్ ప్రభావం గ్రాఫ్‌లోంచి మాయమవుతుంది, పై వైపు ఇన్‌పుట్ దగ్గర పడే దెబ్బ కూడా కనిపించదు. సర్క్యూట్ మొత్తం ప్రవర్తన కావాలంటే భాగించాల్సింది సోర్స్ వోల్టేజ్‌తోనే.

స్కోప్ కప్లింగ్ స్విచ్ డీసీలో ఉంచండి. ఏసీలో పెడితే స్కోప్ లోపల కూడా ఒక కప్లింగ్ కెపాసిటర్ వచ్చి చేరుతుంది, చాలా స్కోపుల్లో దాని సొంత కటాఫ్ కొన్ని హెర్ట్జ్‌లు ఉంటుంది. అది 10 హెర్ట్జ్ అయితే మీ 20 హెర్ట్జ్ రీడింగ్‌లో దాదాపు 1 డీబీ తినేస్తుంది. అవుట్‌పుట్ కెపాసిటర్ తర్వాత, లోడ్ మీద కొలుస్తున్నారు కాబట్టి డీసీ అడ్డు రాదు. మల్టీమీటర్ ఏసీ రేంజ్‌తో ఈ పని చేయొద్దు. మామూలు మీటర్లు పదుల, వందల కిలోహెర్ట్జ్ దగ్గర తప్పు చూపిస్తాయి, గ్రాఫ్‌లో కనిపించే పై కటాఫ్ అప్పుడు మీటర్‌దే అవుతుంది. ఇంకొకటి, 50 లేదా 60 హెర్ట్జ్ మెయిన్స్ హమ్ మీ కింది కటాఫ్ పక్కనే ఉంది. జనరేటర్ ఆపేసి అవుట్‌పుట్ చూడండి, హమ్ కొన్ని మిల్లీవోల్టులు దాటితే ముందు గ్రౌండ్ వైర్లు పొట్టిగా చేయండి.

గ్రాఫ్ గీయకముందే కటాఫ్‌ని పట్టుకునే చక్కని పద్ధతి ఒకటి ఉంది. మిడ్‌బ్యాండ్‌లో స్కోప్ వోల్ట్స్ నాబ్ సన్నని సర్దుబాటుతో వేవ్ ఎత్తును సరిగ్గా 7 గళ్లకు తెచ్చుకోండి. తర్వాత నాబ్ ముట్టకుండా ఫ్రీక్వెన్సీ మాత్రమే తగ్గిస్తూ వెళ్లండి. ఎత్తు 5 గళ్లకు వచ్చిన చోటు కటాఫ్. 5ని 7తో భాగిస్తే 0.714, అసలు కావలసిన 0.707కి ఇది 0.1 డీబీ లోపలే. సగానికి, అంటే మూడున్నర గళ్లకు వచ్చిందాకా వెళ్లేవాళ్లూ ఉన్నారు. అది 6 డీబీ, అక్కడ మీ సర్క్యూట్ 46 హెర్ట్జ్ చూపిస్తుంది.

ఇక పై కటాఫ్. బోర్డు మీద ఏ కెపాసిటరూ కనబడకపోయినా గెయిన్ పడిపోవడానికి ముఖ్యకారణం ట్రాన్సిస్టర్ లోపల కలెక్టర్‌కీ బేస్‌కీ మధ్య ఉండే దాదాపు 3 పికోఫారడ్‌లు. బేస్ ఒక మిల్లీవోల్టు పైకి కదిలితే కలెక్టర్ 133 మిల్లీవోల్టులు కిందికి పోతుంది, అంటే ఆ చిన్న కెపాసిటర్ మీద మార్పు 134 మిల్లీవోల్టులు. సోర్స్‌కి అది 3 కాదు, 3 ఇంటూ 134, అంటే 400 పికోఫారడ్‌ల లాగా బరువు అనిపిస్తుంది. దీన్నే మిల్లర్ ప్రభావం అంటాం. బేస్, ఎమిటర్ల మధ్య ఉన్న 57 దాకా కలిపితే మొత్తం 460. బేస్ దగ్గర సోర్స్, ఇన్‌పుట్ రెసిస్టెన్స్ కలిసి 486 ఓమ్‌లు. అవుట్‌పుట్ వైపు కలెక్టర్, లోడ్ కలిసి 2.48కె, దాని మీద ప్రోబ్ కెపాసిటెన్స్. రెండు వైపుల టైమ్ కాన్‌స్టంట్లూ కూడి పై కటాఫ్ అంచనా వేయొచ్చు:

```
input : 486 Ω × 460 pF ≈ 224 ns
output: 2480 Ω × 18 pF ≈ 45 ns   (10X probe)
fH ≈ 1/(2π × 269 ns)   ≈ 600 kHz
```

ఇది సోల్డర్ చేసిన శుభ్రమైన బోర్డుకి. ప్రోబ్ స్విచ్ 1ఎక్స్‌లో ఉంటే కేబుల్‌తో కలిపి దాదాపు 100 పికోఫారడ్‌లు అవుట్‌పుట్ మీద వేలాడతాయి. ఆ ఒక్క స్విచ్‌తోనే పై కటాఫ్ 600 నుంచి 340కి దిగుతుంది. ఆపై బ్రెడ్‌బోర్డ్: పక్కపక్క వరుసల లోహపు క్లిప్పుల మధ్య కొన్ని పికోఫారడ్‌లు ఉంటాయి. బీసీ547లో కలెక్టర్ కాలు బేస్ కాలు పక్కనే ఉంటుంది కాబట్టి వాటి వరుసలూ పక్కపక్కనే పడతాయి, ఆ క్లిప్పుల కెపాసిటెన్స్ నేరుగా మిల్లర్ కెపాసిటెన్స్‌తో కలిసిపోతుంది. ఎక్కడో గ్రౌండ్‌కి ఉంటే 2 పికోఫారడ్‌లను ఎవరూ లెక్కచేయరు. ఇక్కడ మాత్రం అవి 134 రెట్లై 270 అవుతాయి. 10ఎక్స్ ప్రోబ్‌తో లెక్క 400 కిలోహెర్ట్జ్‌కి, 1ఎక్స్‌తో 265కి వస్తుంది. మీ రెండు రోజుల అంకెలు ఇవే. ఆ రెండు రోజుల మధ్య ప్రోబ్ మీది చిన్న స్విచ్ మారి ఉండాలి.

దీన్ని తగ్గించాలంటే ట్రాన్సిస్టర్ కాళ్లను విడదీసి, బేస్, కలెక్టర్ వరుసల మధ్య ఒకటి రెండు వరుసలు ఖాళీగా ఉంచండి, మధ్య వరుసను గ్రౌండ్ చేస్తే ఇంకా మంచిది. ట్రాన్సిస్టర్ లోపలి విలువలు ముక్క ముక్కకీ మారతాయి కనుక 600 అంటే సరిగ్గా 600 రావాలని కాదు, 450 నుంచి 750 మధ్య ఏది వచ్చినా సర్క్యూట్ బాగున్నట్టే.

గ్రాఫ్ పూర్తయ్యాక వాలు చూసి ఒకసారి సరిచూసుకోండి. పై కటాఫ్ దాటాక ఫ్రీక్వెన్సీ రెట్టింపు అయినప్పుడల్లా 6 డీబీ, పదిరెట్లైతే 20 డీబీ పడాలి. ఆ వాలు గీతను వెనక్కి పొడిగిస్తే మిడ్‌బ్యాండ్ గీతను కటాఫ్ దగ్గరే కలవాలి. కింది వైపు కూడా 40 నుంచి 20కి వస్తే తగ్గుదల 5 డీబీ పైన ఉండాలి: 33.6 నుంచి 28.3. పొడిగించిన గీత చెప్పే కటాఫ్, 3 డీబీ చెప్పే కటాఫ్ బాగా తేడాగా ఉంటే రెండు కెపాసిటర్ల ఫ్రీక్వెన్సీలు దగ్గరదగ్గరగా పడ్డాయని అర్థం. ఒకదాని మీద ఒకటి ఆధారపడని రెండు కప్లింగ్ కెపాసిటర్లు ఒకే ఫ్రీక్వెన్సీ దగ్గర ఉంటే అక్కడ తగ్గుదల 3 కాదు, 6 డీబీ. 3 డీబీ పాయింట్ దానికి 1.55 రెట్లు పైకి జరుగుతుంది.

ఈ లెక్కంతా మీ బోర్డుకి సరిపోతుందో లేదో రెండు మార్పులతో తేల్చుకోవచ్చు. ఇన్‌పుట్ కెపాసిటర్‌ని 22 మైక్రోఫారడ్ చేసి చూడండి, కింది కటాఫ్ దాదాపు కదలదు. దాన్ని తిరిగి 10కి మార్చి, బైపాస్‌ని 220 చేయండి, 40 హెర్ట్జ్ దగ్గరకు దిగాలి. ప్లస్ కాలు ఎమిటర్ వైపు పెట్టడం మరవకండి. పై వైపు పరీక్షకి, 10ఎక్స్ ప్రోబ్‌తో కొలుస్తూ కలెక్టర్‌కీ బేస్‌కీ మధ్య 10 పికోఫారడ్ సిరామిక్ కెపాసిటర్ ఒకటి పెట్టండి. మీ 400 కిలోహెర్ట్జ్ 150 దగ్గరకు పడిపోవాలి. పడకపోతే మీరు చూస్తున్న పై కటాఫ్ ట్రాన్సిస్టర్‌ది కాదు, జనరేటర్‌దో ప్రోబ్‌దో అయి ఉంటుంది, ముందు ప్రోబ్‌ని నేరుగా జనరేటర్ మీద పెట్టి 1 మెగాహెర్ట్జ్ దాకా ఎత్తు నిలబడుతుందో లేదో చూడండి.